పెద్ద సంఖ్య వచ్చేలా పేర్చడం: స్ట్రింగ్‌లను అవరోహణలో సార్ట్ చేసినా తప్పు జవాబే వస్తోంది, ఎందుకు?

కొత్తకుండ
నిన్నటి నుంచీ ఒకే లెక్క మీద కూర్చున్నా. కొన్ని సంఖ్యలు ఇస్తారు, వాటిని పక్కపక్కన అంటించి వీలైనంత పెద్ద సంఖ్య తేవాలి. నాకు ఇచ్చినవి 12, 121, 9, 98, 5, 50. అన్నిటినీ స్ట్రింగ్‌లుగా మార్చి పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేశా. 98950512112 వచ్చింది. సరైన జవాబు 99855012121 అంటున్నారు. పెద్ద అంకెతో మొదలయ్యేవి ముందుకు రావాలి, అంతే కదా? మరి ఎక్కడ తేడా కొట్టింది?

సాయంత్రం_టీ
అంకెలన్నీ విడదీసి పెద్దవి ముందు పెట్టేయండి. 99855222111110... అలా ఏదో వస్తుంది. దీనికి ఇంత చర్చా?

కొత్తకుండ
@సాయంత్రం_టీ విడదీయకూడదండీ. 121ని 121గానే ఉంచాలి. పైగా మీ సంఖ్యలో అంకెలు నా దగ్గరున్న వాటికంటే ఎక్కువ ఉన్నాయి :)

సాయంత్రం_టీ
ఓహ్. ప్రశ్న సగమే చదివా. లెక్కపెట్టడం కూడా సగమే వచ్చినట్టుంది. వెనక బెంచీకి పోతున్నా.

లెక్కలపిచ్చి
తప్పు ఎక్కడంటే, ఒకటి ఇంకొకదానికి మొదటి భాగమైన చోట. "98", "9" పక్కన పెడితే మామూలు స్ట్రింగ్ పోలికలో పొడుగుది పెద్దది. కాబట్టి 98 ముందొచ్చింది, 989 అయింది. 9ని ముందు పెడితే 998. మీ లిస్టులో ఇలాంటి జంటలు మూడున్నాయి: 9-98, 5-50, 12-121. మూడూ తలకిందులయ్యాయి. మిగతా అంతా సరిగ్గానే ఉంది చూడండి.

షార్ట్‌కట్_శీను
అయితే సింపుల్. ఒకటి ఇంకొకదానికి మొదటి భాగమైతే పొట్టిది ముందు. మిగతా చోట్ల మామూలు సార్ట్. అయిపోయింది.

లెక్కలపిచ్చి
@షార్ట్‌కట్_శీను 12, 128 తీసుకోండి. మీ రూలు ప్రకారం 12128. తిప్పి పెడితే 12812. ఏది పెద్దది?

షార్ట్‌కట్_శీను
సరే సరే. అయితే పొట్టిదాన్ని దాని చివరి అంకెతో పొడిగించి, రెండూ సమాన పొడవు చేసి పోల్చుదాం. 12 కాస్తా 122 అవుతుంది. 128 కంటే చిన్నది, 121 కంటే పెద్దది. రెండు ఉదాహరణలూ పాస్. ఇప్పుడేమంటారు?

రాత్రిగువ్వ
824, 8247 వేసి చూడు శీనూ. నీ లెక్కలో 824 అంటే 8244, కాబట్టి 8247 ముందు. 8247824 వస్తుంది. తిప్పితే 8248247. తిప్పిందే పెద్దది.

షార్ట్‌కట్_శీను
మొదటి అంకెతో పొడిగిస్తే? 824 అప్పుడు 8248 అవుతుంది. 12 కూడా 121 అవుతుంది... ఆగండి, అది 121తో సమానమైపోయింది. సమానమైతే పొట్టిది ముందు అని ఒక కండిషన్ పెడతా.

రాత్రిగువ్వ
ఒక్కో కన్నం పూడుస్తూ పో, పడవ మునిగే లోపు ఒడ్డు చేరతావేమో. 12, 12115 చూడు. నీ 12 ఇప్పుడు 12111, కాబట్టి 12115 ముందు పెడతావు. 1211512 వస్తుంది. కానీ 1212115 పెద్దది.

షార్ట్‌కట్_శీను
ఇలాంటివి ఎక్కడ పట్టుకొస్తారండీ మీరు

లెక్కలపిచ్చి
శీను దారి పూర్తిగా తప్పు కాదు, పొడిగించాలన్న ఆలోచన మంచిదే. ఏ అంకెతో పొడిగించాలన్న దగ్గరే దారి తప్పాడు. దాని సంగతి తర్వాత. @కొత్తకుండ, ముందు మీ పని అయ్యేలా చూద్దాం. ఏది ముందు రావాలని ఊహించడం మానేసి రెండు రకాలుగానూ అంటించి చూడటమే. a తర్వాత b, b తర్వాత a. ఏది పెద్దదైతే ఆ వరస. రెండు అతుకుల పొడవూ ఒకటే కాబట్టి స్ట్రింగ్‌లుగా పోల్చినా, సంఖ్యలుగా పోల్చినా ఫలితం ఒకటే. పొట్టి పొడుగు గొడవ అక్కడితో పోతుంది.

```
from functools import cmp_to_key

def cmp(a, b):
    if a + b > b + a: return -1
    if a + b < b + a: return 1
    return 0

nums.sort(key=cmp_to_key(cmp))
print("".join(nums))
```

కొత్తకుండ
ఇది పెట్టా. ఇప్పుడు లిస్టు అసలు కదలడమే లేదు! ఏ వరసలో ఇచ్చానో అదే వరసలో బయటికి వస్తోంది. చివర్లో join దగ్గర ఎర్రర్ వస్తే అక్కడ map(str, nums) పెట్టుకున్నా, అదొక్కటే మార్పు.

రాత్రిగువ్వ
ఆ ఒక్కటే కొంప ముంచింది. నీ nums లో ఉన్నవి ఇంకా సంఖ్యలే. 12 + 121 = 133, 121 + 12 = 133. ఏ రెండు తీసుకున్నా సమానమే, కాబట్టి ప్రతిసారీ 0. పైథాన్ సార్ట్ సమానమైనవాటి వరస చెడగొట్టదు, ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొస్తుంది. సార్ట్‌కు ముందే `nums = list(map(str, nums))` పెట్టు. ఆ join ఎర్రర్ నీకు సరిగ్గా ఈ సంగతే చెప్పబోయింది, నువ్వు నోరు నొక్కేశావు.

కొత్తకుండ
వచ్చేసింది! 99855012121. తల కొట్టుకుంటున్నా.

పాతకీబోర్డు
జావాస్క్రిప్ట్‌లోనూ అచ్చం ఇదే. అక్కడ ఇంకో గుంట కూడా ఉంది: పోల్చే ఫంక్షన్ నుంచి `a + b < b + a` అని నేరుగా నిజమా అబద్ధమా తిరిగిస్తారు. నిజమైతే 1, అబద్ధమైతే 0. మైనస్ ఎప్పటికీ రాదు. కొన్ని లిస్టులకు అదృష్టం కొద్దీ సరిగ్గా వస్తుంది, అందుకే త్వరగా దొరకదు.

డీబగ్‌దాసు
గుంటలంటే నా కథ వినండి. ఇదే లెక్క సీ ప్లస్ ప్లస్‌లో రాశా. సమానమైతే ఏ వరసైనా ఒకటే కదా అని ధీమాగా

```
return a + b >= b + a;
```

అని పెట్టా. నా దగ్గరున్న టెస్టులన్నీ పాస్. ఇచ్చాక ఒక్క పెద్ద టెస్టులో ప్రోగ్రామ్ చచ్చింది. మూడు గంటలు మెమరీ లీక్ కోసం వెతికా. చివరికి చూస్తే ఆ టెస్టులో ఉన్నవన్నీ ఒకే సంఖ్య. `std::sort` కు ఇచ్చే పోలిక "a కచ్చితంగా ముందు రావాలా" అన్న దానికే అవును అనాలి. సమానమైనప్పుడు కూడా అవును అంటే, అది "ఇంకా ముందుకు పో, ఇంకా ముందుకు పో" అనుకుంటూ లిస్టు దాటి బయటికి వెళ్లిపోతుంది. జీసీసీతో వచ్చే లైబ్రరీలో 16 కంటే ఎక్కువ ఉన్నప్పుడే లిస్టును ముక్కలుగా విడదీసే దశ మొదలవుతుంది, హద్దు దాటేది అక్కడే. నా టెస్టులన్నీ పదిలోపు సంఖ్యలవి. ఇక ఎలా దొరుకుతుంది!

`>` పెట్టాక బతికింది. ఒక్క అక్షరం.

పాతకీబోర్డు
జావాలో అదే తప్పు చేస్తే కనీసం నోరు తెరిచి చెబుతుంది: `Comparison method violates its general contract!` అని. అది కూడా ప్రతిసారీ కాదు, దాని కంట పడితేనే.

సందేహాలరావు
అందరూ కోడ్ పని చేస్తోందని సంబరపడుతున్నారు గానీ నాకు ఒకటి మింగుడు పడటం లేదు. రెండేసి తీసుకుని ఏది ముందో తేల్చాం, బాగుంది. కానీ a ముందు b రావాలి, b ముందు c రావాలి, మళ్లీ c ముందు a రావాలి అని తిరకాసు పడితే? రాయి, కాగితం, కత్తెర ఆటలో అలాగే కదా. అప్పుడు సార్ట్ ఏం చేస్తుంది?

షార్ట్‌కట్_శీను
అలా జరగదు లెండి. సంఖ్యలు కదా.

సందేహాలరావు
"సంఖ్యలు కదా" అన్నది రుజువు కాదు శీను గారూ. మనం పోలుస్తున్నది సంఖ్యల్ని కాదు, అతుకుల్ని. 12 కంటే 121 పెద్దదైనా వెనక్కి పోయింది. అంటే మామూలు పెద్దా చిన్నా ఇక్కడ చెల్లదన్నమాటేగా.

రాత్రిగువ్వ
మంచి వరసలో పక్కపక్కన ఉన్న ఏ రెండిటినీ తిప్పినా లాభం ఉండకూడదు. లాభం ఉంటే తిప్పేస్తాం, మొత్తం సంఖ్య పెరుగుతుంది. కాబట్టి అన్నిటికంటే పెద్ద సంఖ్యలో పక్కపక్క జంటలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఇది చాలదా?

సందేహాలరావు
చాలదు. పక్కపక్కవి సరిగ్గా ఉన్న వరసలు ఇంకా చాలా ఉండొచ్చు, అందులో మనకు వచ్చిందే పెద్దదని ఎలా? తిరకాసు లేదని తేలితేనే మీ మాట నిలుస్తుంది.

లెక్కలపిచ్చి
రావు గారి ప్రశ్న సరైనదే, గువ్వ సగం దారి వేశారు. మిగతా సగం 12, 121తోనే చేద్దాం.

12 వెనక 121 అంటించడమంటే 12 × 1000 + 121. తిప్పితే 121 × 100 + 12. మొదటిది పెద్దదా అన్నది ప్రశ్న. 12లన్నీ ఒక పక్కకి, 121లన్నీ ఇంకో పక్కకి తెచ్చేయండి. ఎడమ 12 × 999, కుడి 121 × 99. అంటే 11988, 11979. ఎడమదే పెద్దది, 9 తేడా. 12121, 12112 మధ్య తేడా కూడా సరిగ్గా 9.

ఇప్పుడు రెండు పక్కలా 99తోనూ 999తోనూ భాగించండి. మిగిలేది 12/99 పెద్దదా 121/999 పెద్దదా అన్న ప్రశ్న. ఎడమ భిన్నంలో 121 ఊసే లేదు, కుడిదానిలో 12 ఊసే లేదు. అసలు మలుపు ఇదే. ప్రతి సంఖ్యకూ తనకంటూ ఒక విలువ ఉంది, పక్కన ఎవరున్నా అది మారదు. సంఖ్యను దాని అంకెలన్ని తొమ్మిదులతో భాగిస్తే వచ్చేదే అది. a + b, b + a పోలిక ఎప్పుడూ ఆ రెండు భిన్నాల పోలికే. భిన్నాలు మామూలుగా ఒక గీత మీద వరసగా కూర్చుంటాయి, రాయి కాగితం కత్తెరకు చోటు లేదు.

సందేహాలరావు
ఇది కాగితం మీద వేసుకున్నా. ఒప్పుకుంటున్నా. 12/99 అంటే 0.121212..., 121/999 అంటే 0.121121... అంటే ఆ సంఖ్యను అంతులేకుండా మళ్లీమళ్లీ రాసుకుంటూ పోతే వచ్చేదన్నమాట!

షార్ట్‌కట్_శీను
చూశారా! పొడిగించాలని ముందు నుంచీ నేను మొత్తుకుంటూనే ఉన్నా. అంకెతో కాదు, మొత్తం సంఖ్యతోనే పొడిగించాలి. 12ని 12తో, 824ని 824తో. నేను దగ్గరకొచ్చేశా.

రాత్రిగువ్వ
తలుపు దాకా వచ్చి గోడ గుద్దుకున్నావు. అయినా మార్కులు ఇస్తున్నాం.

చిలకమ్మ
అయ్యో, నేను కాలేజీలో ఉండగా దీన్నే ఎవరో చెబితే గుడ్డిగా వాడేశా! ప్రతి స్ట్రింగ్‌నూ మూడుసార్లు రాసి సార్ట్ చేసేయమన్నారు. `key=lambda s: s*3`. పోల్చే ఫంక్షన్ అక్కర్లేదు. అప్పుడు సంఖ్యలు 1000 దాకానే, పాస్ అయిపోయింది. తర్వాత అదే ముక్క ఇంకో చోట 9999 దాకా ఉన్నవాటికి పెడితే ఫెయిలైంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, మానేసి కంపేర్ ఫంక్షన్ రాసుకున్నా.

లెక్కలపిచ్చి
1, 1110 పెట్టి చూడండి. 1ని మూడుసార్లు రాస్తే "111". 1110ని రాస్తే "111011101110". మొదటిది రెండోదానికి మొదటి భాగం, కాబట్టి పొడుగుది పెద్దదైపోయింది. 11101 వస్తుంది, కావాల్సింది 11110. కొత్తకుండ గారి మొదటి జబ్బే, ఇంకో ముసుగు వేసుకుని వచ్చింది. నాలుగుసార్లు రాస్తే "1111", నాలుగో అంకె దగ్గర తేడా బయటపడుతుంది.

లిస్టులో అన్నిటికంటే పొడుగు సంఖ్యకు ఎన్ని అంకెలో అన్నిసార్లు రాస్తే చాలు. 1000 దాకా అన్నప్పుడు నాలుగు అంకెలది 1000 ఒక్కటే, దాన్ని ఒంటి అంకె సంఖ్యతో పోల్చితే రెండో అంకె లోపే సంగతి తేలిపోతుంది కాబట్టి మూడుతో బతికిపోయారు.

పాతకీబోర్డు
ఇంకొందరు రాసి, అన్నిటినీ పొడుగుదాని పొడవుకు కత్తిరిస్తారు. అదీ తప్పే. 12ని మూడంకెలకు కత్తిరిస్తే 121, మళ్లీ టై.

కొత్తకుండ
అయితే ఆ భిన్నాన్నే కీగా పెట్టేస్తే? `int(s) / (10**len(s) - 1)`. కంపేర్ ఫంక్షన్ గోలే ఉండదు.

డీబగ్‌దాసు
చిన్న సంఖ్యలకు పర్లేదు. ఫ్లోట్‌లో నమ్మదగినవి 15 నుంచి 17 అంకెలే. 12నీ, 12121212121212121211నీ పెట్టు. తేడా ఇరవయ్యో అంకె దగ్గర. ఫ్లోట్ కంటికి రెండూ ఒకటే. అప్పుడు ఇచ్చిన వరసే ఉండిపోతుంది, తప్పుదైతే తప్పే. నిజంగా భిన్నమే కావాలంటే `Fraction(int(s), 10**len(s) - 1)`.

రాత్రిగువ్వ
Fraction తయారైన ప్రతిసారీ లోపల గసాభా వేసి కుదిస్తుంది, నెమ్మది. నాకైతే అతికించి పోల్చడమే నచ్చుతుంది. చదివేవాడికి ప్రశ్న కూడా అందులోనే కనిపిస్తుంది.

లెక్కలపిచ్చి
నాకు భిన్నం కీయే నచ్చుతుంది. సమానమైతే 0 ఇచ్చామా, మైనస్ ఎటు, ప్లస్ ఎటు అన్న టెన్షన్ ఉండదు. దాసు గారి మూడు గంటలూ మిగిలేవి.

డీబగ్‌దాసు
ఆ మూడు గంటలు గుర్తు చేయకండి.

కొత్తకుండ
ఇంకో టెస్టు ఫెయిలైంది. [0, 0, 0] ఇస్తే నాది 000 అంటోంది. 0 అనాలట.

రాత్రిగువ్వ
సున్నా విలువ 0/9, అందరికంటే చివర కూర్చుంటుంది. అది వరసలో మొదట వచ్చిందంటే అన్నీ సున్నాలేనన్నమాట. సార్ట్ అయ్యాక `if nums[0] == "0"` అయితే "0" ఇచ్చెయ్.

చిలకమ్మ
దీనికోసం కొందరు చివర్లో int(...) చేస్తారు, సున్నాలు వాటంతటవే పోతాయని. నేనూ చేసేదాన్ని. పైథాన్ 3.11కి మారాక పెద్ద లిస్టు ఇస్తే `Exceeds the limit (4300 digits)` అని ఆగిపోయింది. స్ట్రింగ్‌ను స్ట్రింగ్‌గానే వదిలేయండి.

సాయంత్రం_టీ
వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న. ఈసారి పూర్తిగా చదివే అడుగుతున్నా. అన్నిటికంటే చిన్న సంఖ్య కావాలంటే? ఇదే సార్ట్ తిరగేస్తే సరిపోతుంది కదా? సున్నా ఉంటే మాత్రం ముందు పెట్టకూడదు అనుకుందాం.

షార్ట్‌కట్_శీను
తిరగేసి, మొదట సున్నాలొస్తే సున్నా కాని మొదటిదాన్ని లాగి ముందు పెట్టేయడమే. సింపుల్.

లెక్కలపిచ్చి
శీను "సింపుల్" అన్నప్పుడల్లా నాకు భయం. 0, 12, 121 తీసుకోండి. తిరగేస్తే 0, 121, 12. మీ ప్రకారం 121ని ముందుకు లాగితే 121012.

సాయంత్రం_టీ
12ని ముందు పెడితే 120121. ఇదే చిన్నది!

రాత్రిగువ్వ
వెనక బెంచీ గెలిచింది. మొదటిదాని వెనక వచ్చేది సున్నా కాబట్టి పోలికే మారిపోయింది. సున్నా ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

షార్ట్‌కట్_శీను
అయితే పొట్టిదాన్ని ముందు పెట్టాలి.

లెక్కలపిచ్చి
0, 2, 10. 2 ముందు పెడితే 2010. 10 ముందు పెడితే 1002.

షార్ట్‌కట్_శీను
నేను ఇక మాట్లాడను.

సందేహాలరావు
సున్నాలు కాని ప్రతిదాన్నీ ఒక్కోసారి ముందు పెట్టి, దాని వెనక సున్నాలన్నీ, ఆ వెనక మిగతావి తిరగేసిన వరసలో పెట్టి, వచ్చినవాటిలో చిన్నది తీసుకుంటే తప్పు రాదు. n సంఖ్యలుంటే n సార్లు పేర్చి చూడాలి, అంతే. అన్నీ చూడకుండా ముందు ఎవరో ఒక్క పోలికతో తేల్చే దారి ఉందా? నాకైతే సంఖ్యకు చివర సున్నాలు అంటించి పోల్చితే వచ్చేస్తుందనిపిస్తోంది. కానీ 10, 100 లాంటివి కలిస్తే, సున్నాలు ఒక్కటే ఉంటే ఏమవుతుందో వేసి చూడాలి.

లెక్కలపిచ్చి
0, 1, 10 తోనే మొదలుపెట్టండి. సున్నాలు అంటిస్తే 1, 10 రెండూ టై అవుతాయి. కానీ 1 ముందుంటే 1010, 10 ముందుంటే 1001. టై ఎలా విప్పాలో రాత్రికి కూర్చుని చూస్తా.

కొత్తకుండ
నా అసలు లెక్క సబ్మిట్ అయింది, అన్ని టెస్టులూ పాస్. సున్నాల సంగతి మీరు తేల్చేదాకా చదువుతూ ఉంటా.